ఒంట్లో లేనిది ఫిల్ములో కనిపిస్తే

ఐసీయూలో వెల్లకిలా పడుకున్న రోగిని ఊహించుకోండి. లేచి కూర్చునే ఓపిక లేదు. టెక్నీషియన్ పోర్టబుల్ మిషన్ తోసుకొచ్చి, వీపు కింద ప్లేటు జొనిపి, పైనుంచి ఛాతీ ఎక్స్‌రే తీశాడు. కుడి ఊపిరితిత్తి మామూలుగా నల్లగానే ఉంది. ఎడమవైపు మాత్రం పైనుంచి కిందిదాకా పల్చటి తెల్లటి తెర కప్పినట్టుంది. ఆ తెరలోంచి రక్తనాళాల గీతలు ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి. చూసిన డాక్టరు ‘ఎడమ పక్క నీరు చేరింది’ అని రాశారు.

అలా రాయడానికి కారణం ఉంది. పడుకున్న మనిషి ఛాతీలో నీరు చేరితే అది వీపు వైపుకి జారి పల్చగా పరుచుకుంటుంది. పైనుంచి తీసిన ఎక్స్‌రేలో అది సరిగ్గా ఇలాంటి తెరలాగే కనిపిస్తుంది. కానీ ఈ రోగి ఛాతీలో నీరు లేదు. సూది గుచ్చే ముందు అల్ట్రాసౌండ్ పెట్టి చూస్తే రెండు పక్కలా పొడిగానే ఉంది. ఆ తెల్లదనం వచ్చింది రోగికీ ప్లేటుకీ మధ్య పెట్టిన గ్రిడ్ వల్ల.

ఇలా ఒంట్లో లేకుండా బొమ్మలో మాత్రమే పుట్టే గీతల్నీ మచ్చల్నీ నీడల్నీ ఆర్టిఫాక్ట్‌లు అంటారు. వాటిని పట్టుకోవడానికి నేను నమ్మే దారి ఒకటుంది. జబ్బుకి ఒంటి హద్దులు తెలుసు. నీరు ఛాతీ గోడ దగ్గర ఆగుతుంది, విరుగు ఎముక అంచు దగ్గర ఆగుతుంది, చిరుగు రక్తనాళం గోడ దగ్గర ఆగుతుంది. ఆర్టిఫాక్ట్‌కి ఆ హద్దులు తెలియవు. అది మిషన్ లెక్క ప్రకారం నడుస్తుంది కాబట్టి ఒక అవయవంలోంచి ఇంకో అవయవంలోకి, కొన్నిసార్లు చర్మం దాటి బయటి గాలిలోకి కూడా పోతుంది. అందుకే అనుమానం వచ్చిన చోటుని ఎంత చూస్తామో, దాని పక్కన ఉన్నదాన్నీ అంతే చూడాలి.

గ్రిడ్ వేసే తెర

ఎక్స్‌రే కిరణాలన్నీ ఒంట్లోంచి నేరుగా దూసుకుపోవు. చాలా కిరణాలు కండకి తగిలి దారి తప్పి, పక్కలకి చెదురుతాయి. అవి కూడా ప్లేటు మీద పడితే బొమ్మ పొగమంచు పట్టినట్టు పాలిపోతుంది. ఈ ఇబ్బందికి 1913లో జర్మనీలో గుస్టావ్ బకీ ఒక ఉపాయం చేశాడు. సన్నటి సీసం రేకుల్ని వరసగా నిలబెట్టి రోగికీ ఫిల్ముకీ మధ్య పెట్టాడు. నేరుగా వచ్చే కిరణం రేకుల సందుల్లోంచి దిగుతుంది, అడ్డంగా వచ్చేది రేకుకి తగిలి ఆగిపోతుంది. అయితే ఆ రేకుల నీడలు కూడా ఫిల్ము మీద గీతలుగా పడేవి. తర్వాత కొన్నేళ్లకి అమెరికాలో హోలిస్ పాటర్, ఎక్స్‌రే పడుతున్నంతసేపూ గ్రిడ్‌ని కదిలిస్తే ఆ గీతలు చెరిగిపోతాయని చూపించాడు. టేబుల్ కింద ఉండే ఆ అమరికని ఎక్స్‌రే గదుల్లో ఇప్పటికీ ‘బకీ’ అనే అంటారు.

మంచం దగ్గర వాడే పోర్టబుల్ గ్రిడ్ కదలదు. పైగా అది నేరుగా ఉందో లేదో కంటితో చూసి తేల్చడం కష్టం. 8:1 గ్రిడ్ అంటే రేకుల మధ్య సందు ఎంత వెడల్పో, రేకు ఎత్తు దానికి ఎనిమిది రెట్లు. చాలా లోతైన, చాలా ఇరుకైన సందు అన్నమాట. నేరుగా పడాల్సిన కిరణం 3 డిగ్రీలు పక్కకి వాలితే చాలు, పనికొచ్చే కిరణాల్లో దాదాపు 40 శాతం రేకులకే తగిలి ఆగిపోతాయి. 7 డిగ్రీలు వాలితే దాదాపు ఏమీ దిగదు. మెత్తటి పరుపు మీద రోగి బరువుకి ప్లేటు ఒక పక్కకి ఒరగడం ఎంతసేపు? ప్లేటు ఒరగడంతో పాటు ట్యూబు దూరం కూడా గ్రిడ్‌కి చెప్పిన దూరానికి సరిపోకపోతే, నష్టం బొమ్మంతా ఒకేలా కాకుండా ఒక పక్కన ఎక్కువగా పడుతుంది. కిరణాలు తక్కువ చేరిన పక్క తెల్లగా కనిపిస్తుంది. దీన్నే గ్రిడ్ కటాఫ్ అంటారు.

మన రోగి ఎక్స్‌రేకి తిరిగి వద్దాం. తెరలోంచి రక్తనాళాలు కనిపిస్తున్నాయా అని చూస్తే తేలదు. వెనక పరుచుకున్న నీరు ఉన్నా అవి కనిపిస్తాయి, గ్రిడ్ కటాఫ్ అయినా కనిపిస్తాయి. చూడాల్సింది ఛాతీ బయట. ఎడమ చంక కింద కండ, ఎడమ భుజం, చర్మం దాటాక ఉన్న ఖాళీ గాలి కుడివైపు వాటికంటే తెల్లగా ఉన్నాయా? ఉన్నాయి. ఛాతీలో చేరిన నీరు భుజం కండని తెల్లగా చెయ్యలేదు. అక్కడితో సగం ప్రశ్న తీరిపోయింది. మిగతా సగం ఏమిటంటే, రోగి ఒక పక్కకి తిరిగి పడుకున్నా ఇలాంటి తేడానే వస్తుంది. అందుకని కాలర్ ఎముకల లోపలి కొనలు వెన్నుపూస మధ్య గీతకి రెండు పక్కలా సమాన దూరంలో ఉన్నాయా అని చూడాలి. ఇక్కడ సమానంగానే ఉన్నాయి. కాబట్టి రోగి నేరుగానే ఉన్నాడు, ఒరిగింది ప్లేటే.

డిజిటల్ ఎక్స్‌రే వచ్చాక ఈ పొరపాటు పట్టుకోవడం ఇంకా కష్టమైంది. ఫిల్ము రోజుల్లో కిరణాలు తగ్గితే బొమ్మ మొత్తం పాడయ్యేది, మళ్లీ తీసేవారు. ఇప్పుడు సాఫ్ట్‌వేర్ వెలుగుని సర్దేసి చూడడానికి బాగున్న బొమ్మనే ఇస్తుంది. తెల్లగా ఉన్న పక్కని పెద్దది చేసి చూస్తే మాత్రం అక్కడ ఇసుక చల్లినట్టు గరుకుదనం కనిపిస్తుంది. కిరణాలు చాలలేదని చెప్పేది ఆ గరుకుదనమే.

గ్రిడ్ గీతలు నేరుగా కనిపించే సందర్భం ఇంకోటుంది. డిటెక్టర్ పిక్సెల్ 0.2 మి.మీ. అయితే ఒక మిల్లీమీటరుకి ఐదు పిక్సెళ్లు. గ్రిడ్‌లో మిల్లీమీటరుకి నాలుగు రేకులుంటే, ఈ ఐదూ ఆ నాలుగూ ఒకదానితో ఒకటి కలవక, మిల్లీమీటరుకి ఒకటి చొప్పున కొత్త చార పుడుతుంది. ఆ చార రోగిలోనూ లేదు, గ్రిడ్‌లోనూ లేదు. రెండు జాలీల్ని ఒకదాని మీద ఒకటి పెడితే అలలు తేలినట్టు కనిపిస్తాయి కదా, అలాంటిదే. ఇలాంటి చారలు ఎముకలోని సన్నటి అల్లికని, సన్నటి విరుగు గీతని కప్పేస్తాయి. చారలు కనిపించగానే బొమ్మని 100 శాతం సైజులో తెరిచి చూడండి. మాయమైతే అవి మానిటర్ బొమ్మని కుదించి చూపడంలో పుట్టినవి, ఫైల్లో లేవు. అప్పటికీ ఉంటే తీసేటప్పుడే పడిపోయాయి, ఆ చోట సన్నటి విరుగు లేదని ఆ బొమ్మని చూసి చెప్పలేం.

గుండె కొట్టుకుంటే చిరిగినట్టు కనిపించే బృహద్ధమని

కదలిక అనగానే చెయ్యి వణికినప్పుడు మసకబారిన ఫొటో గుర్తొస్తుంది. మామూలు ఎక్స్‌రేలో జరిగేది అంతే. రోగి ఊపిరి బిగపట్టలేకపోతే ఊపిరితిత్తుల్లోని రక్తనాళాల అంచులు చెదిరి, నీరు పట్టిన ఊపిరితిత్తిలా మబ్బుగా కనిపిస్తుంది. డయాఫ్రం అంచు, పక్కటెముకల అంచులు కూడా చెదిరాయేమో చూస్తే చాలావరకు తేలిపోతుంది. సీటీలో కదలిక చేసే మోసం వేరు. అది మసకగా ఉండదు. స్పష్టంగా, అంచు కట్టి, జబ్బు ఆకారంలోనే వస్తుంది.

సీటీలో ట్యూబు రోగి చుట్టూ తిరుగుతూ వందల కోణాల నుంచి కొలతలు తీసుకుంటుంది. ఆ కొలతలన్నీ కదలని ఒకే వస్తువువని నమ్మి కంప్యూటర్ బొమ్మ కడుతుంది. ఒక చుట్టు తిరగడానికి అర సెకను పట్టిందనుకోండి. నిమిషానికి 75 సార్లు కొట్టుకునే గుండెకి ఒక్కో దెబ్బ 0.8 సెకను. అంటే ఒక చుట్టు పూర్తయ్యేలోపు గుండె నుంచి బయల్దేరే బృహద్ధమని మొదలు కొన్ని మిల్లీమీటర్లు పక్కకి జరిగి ఉంటుంది. కంప్యూటర్‌కి ఒక పక్క నుంచి గోడ ఇక్కడుందని, ఇంకో పక్క నుంచి అక్కడుందని సమాచారం వస్తుంది. అది రెండు గోడల్నీ గీసేస్తుంది. చూసేవాళ్లకి రక్తనాళం లోపల సన్నటి వంపు గీత ఒకటి వేలాడుతున్నట్టు కనిపిస్తుంది.

ఛాతీలో చీల్చినట్టు నొప్పితో వచ్చిన మనిషి స్కాన్‌లో ఆ గీత కనిపిస్తే ఎవరికైనా గుండె ఝల్లుమంటుంది. బృహద్ధమని లోపలి పొర చిరిగితే, అంటే డిసెక్షన్ అయితే, ఆ చిరిగిన పొర ఇలాగే కనిపిస్తుంది. గుండె దగ్గరి భాగంలో చిరిగితే అది అత్యవసర ఆపరేషన్ కేసు. ఛాతీ ఎముక కోసి, తీరా చూస్తే చిరుగే లేని సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. ఈ ఒక్క ఆర్టిఫాక్ట్ గురించి ఇంత వివరంగా చెప్పడానికి కారణం అదే.

ఎలా తేల్చాలి? మొదట, గీత ఎంతదూరం నడుస్తోందో చూడాలి. సీటీ ఒంటిని అడ్డంగా కోసినట్టు ఒక్కో స్లైసుగా చూపిస్తుంది. నిజమైన చిరుగు స్లైసు నుంచి స్లైసుకి తెగకుండా పైకి నడుస్తుంది. తరచూ మెలిక తిరుగుతుంది, బృహద్ధమని వంపు తిరిగే ఆర్చ్ దాకా, దాని కొమ్మల దాకా పోవచ్చు. గీతకి రెండు పక్కలా రక్తం రెండు గదులుగా విడిపోయి, స్కాన్ కోసం రక్తంలోకి ఎక్కించిన మందు ఒక గదిలో ఎక్కువ, ఇంకో గదిలో తక్కువ ఉండొచ్చు. కదలిక గీత చాలాసార్లు గుండెకి ఆనుకున్న మొదటి భాగంలోనే, ఎడమ ముందు వైపునో కుడి వెనక వైపునో ఉండి, కొన్ని స్లైసుల్లో కనిపించి మాయమవుతుంది.

తర్వాత హద్దు సంగతి. గీత రక్తనాళం గోడ దగ్గర ఆగిందా, దాటిందా? చాలాసార్లు అదే నీడ బయటి కొవ్వులోకి కూడా సాగి ఉంటుంది, పక్కనున్న పల్మనరీ ధమని అంచు కూడా రెండుగా కనిపిస్తుంది. ఒకే స్లైసులో రెండు వేర్వేరు రక్తనాళాలు ఒకేలా చిరిగాయనుకోవడం కంటే, రెండూ కదిలాయనుకోవడమే సబబు.

నాకు అన్నిటికంటే నచ్చిన ఆనవాలు ఇంకోటి. అవే స్లైసుల్ని నిలువుగా పేర్చి, మనిషిని ఎదురుగా చూసినట్టుండే కరోనల్ బొమ్మ చూడండి. స్కాన్ జరుగుతుండగా రోగి పడుకున్న టేబుల్ సెకనుకి 40 మి.మీ. కదిలిందనుకుంటే, 0.8 సెకనుకి ఒకసారి కొట్టుకునే గుండె వల్ల బృహద్ధమని గోడ మీద దాదాపు ప్రతి 32 మి.మీ.కి ఒక మెట్టు పడుతుంది. గుండె అంచు మీద కూడా అదే ఎడంతో అలలుంటాయి. టేబుల్ వేగం స్కాన్ వివరాల్లో దొరుకుతుంది, గుండె వేగం మానిటర్ మీదుంటుంది. హెచ్చించి చూసిన లెక్కా, బొమ్మ మీద కొలిచిన ఎడమూ కలిస్తే అది గుండె దెబ్బల అచ్చే.

ఇంత చేశాక కూడా తేలకపోతే ఊహతో రాయకూడదు. ఈసీజీతో జత చేసి మళ్లీ స్కాన్ తీస్తే, గుండె కాస్త స్థిమితంగా ఉండే క్షణాల కొలతలతోనే బొమ్మ కట్టొచ్చు. అప్పుడు కదలిక గీత పోతుంది, చిరుగు గీత నిలుస్తుంది. రోగిని కదిలించే పరిస్థితి లేకపోతే అన్నవాహికలోంచి చేసే ఎకో ఉంది. ఇది రెండు వైపులా పదునున్న విషయం. ఆర్టిఫాక్టేలే అని తోసేసిన గీత నిజం చిరుగైతే ప్రాణం పోతుంది. అందుకే నొప్పి, రెండు చేతుల్లో బీపీ తేడా, గుండె చుట్టూ రక్తం లాంటి వేరే ఆధారాలున్న మనిషి విషయంలో ‘బహుశా కదలిక’ అన్న మాట దగ్గర ఆగిపోకూడదు.

ఊపిరి కదలిక కూడా ఇలాంటి పనే చేస్తుంది. స్కాన్ మధ్యలో రోగి ఊపిరి వదిలితే ఛాతీ మధ్య ఎముక పక్క నుంచి చూసినప్పుడు మెట్టులా విరిగినట్టుంటుంది. యాక్సిడెంట్ కేసులో దాన్ని విరుగుగా రాయడం తేలిక. అదే ఎత్తులో చర్మం గీత మీద చూపు పెట్టండి. చర్మానికీ అక్కడే మెట్టు పడితే విరిగింది ఎముక కాదు, ఊపిరి.

లోహం దాచేది

గ్రిడ్, కదలిక లేనిదాన్ని చూపిస్తాయి. లోహం ఆ పనీ చేస్తుంది, ఉన్నదాన్ని దాస్తుంది కూడా. ఈ రెండోది నాకు ఎక్కువ భయం.

రెండు తుంటి కీళ్లూ మార్చిన మనిషికి పొత్తికడుపు సీటీ తీస్తే, ఒక లోహపు కీలు నుంచి ఇంకో కీలు దాకా అడ్డంగా నల్లటి పట్టీ పడుతుంది. లోహపు అంచుల నుంచి తెల్లటి చారలు సూర్యకిరణాల్లా చిమ్ముతాయి. వీటికి ముఖ్యంగా రెండు కారణాలు.

ఎక్స్‌రే కిరణాల్లో బలహీనమైనవీ బలమైనవీ కలిసి ఉంటాయి. లోహం బలహీనమైన వాటిని మింగేసి, బలమైన వాటిని మాత్రమే వదులుతుంది. కంప్యూటర్‌కి ఈ ఏరివేత తెలియదు. అవతలికి వచ్చిన కిరణాలు బాగా దూసుకొచ్చాయి కాబట్టి దారిలో వస్తువు పల్చగా ఉండి ఉంటుందని లెక్కేస్తుంది. రెండు కీళ్లనీ దాటుకుని వెళ్లే దారిలో ఈ తప్పు రెట్టింపై, వాటి మధ్య చోటంతా నల్లబడుతుంది. దీన్ని బీమ్ హార్డెనింగ్ అంటారు.

రెండోది కిరణాల కరువు. ఒక దారిలో వెయ్యి ఫోటాన్లు రావాల్సిన చోట ముప్పై అటూ ఇటూ అయితే తేడా 3 శాతం, బొమ్మలో ఏమీ తెలియదు. లోహం దాటి ఐదే రావాల్సిన చోట రెండు అటూ ఇటూ అయితే తేడా 40 శాతం. ఆ తప్పు కొలతని కంప్యూటర్ ఆ దారి పొడవునా పులిమేస్తుంది. చారలు సరళరేఖల్లా ఉండేది అందుకే.

సీటీలో ప్రతి చుక్కకీ హౌన్స్‌ఫీల్డ్ అంకె ఉంటుంది. ఈ స్కానర్ తయారుచేసిన గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ పేరు మీద వచ్చిన కొలత ఇది. నీటికి 0, గాలికి -1000, కొవ్వుకి దాదాపు -100. రెండు కీళ్ల మధ్య పట్టీలో పడిన మూత్రాశయం మీద కర్సర్ పెడితే, నీరులాంటి మూత్రానికి కూడా కొవ్వు అంకెలు రావచ్చు. ఆ పట్టీలోని ఏ అంకెనీ నమ్మకూడదు. ఒక గడ్డ నీటిదా, కండదా అని అంకె చూసి తేల్చే అలవాటున్న వాళ్లు తప్పటడుగు వేసేది ఇక్కడే. ఇక్కడా హద్దు సూత్రం పనిచేస్తుంది. నల్లదనం మూత్రాశయంలో మొదలై మూత్రాశయంలోనే ఆగిందా, లేక పక్కనున్న కండలోకీ పేగులోకీ అదే వరసలో సాగిందా? లోహం లేని పై స్లైసుల్లోకి వెళ్లగానే మాయమైందా?

వెన్నుపూసలో బిగించిన స్క్రూ చుట్టూ నల్లటి అంచు కనిపిస్తే, స్క్రూ వదులైందనే అనుమానం వస్తుంది. ఎముక నిజంగా కరిగితే ఆ నల్లదనం ఎముక లోపలే ఉంటుంది, దాని బయటి అంచు చాలాసార్లు సన్నగా గట్టిపడి తెల్లగా ఉంటుంది. చార అయితే స్క్రూ సాగిన దిక్కులోనే సాగి, ఎముక దాటి బయటి కండలోకి పోతుంది. విండో వెడల్పు, అంటే నలుపు నుంచి తెలుపు దాకా చూపే అంకెల పరిధి, పెంచి చూస్తే చారల ఆర్భాటం తగ్గి అసలు ఎముక అంచు బయటపడుతుంది.

ఇప్పటి స్కానర్లలో లోహపు చారల్ని తగ్గించే సాఫ్ట్‌వేర్ ఉంటోంది. పాడైన కొలతల్ని తీసేసి, చుట్టుపక్కల కొలతల్ని బట్టి ఆ ఖాళీని నింపుతుంది. తుంటి కీళ్ల విషయంలో చాలాసార్లు మూత్రాశయం చక్కగా తేలుతుంది. కానీ నింపినది అంచనాయే. లోహాన్ని ఆనుకున్న నిజమైన ఎముక కూడా ఆ అంచనాలో చెరిగిపోయి, స్క్రూ చుట్టూ కొత్తగా నల్లటి అంచు పుట్టొచ్చు. అప్పుడు స్క్రూ వదులైందన్న తప్పుడు రిపోర్టుకి కారణం లోహం కాదు, లోహాన్ని తుడవబోయిన లెక్క. అందుకే సాఫ్ట్‌వేర్ వాడిన బొమ్మలూ, వాడని బొమ్మలూ రెండూ పంపమని టెక్నీషియన్‌ని అడగాలి. మాయ అంచు ఒక దాంట్లోనే ఉంటుంది. ఎముక కరుగుడు అయితే రెండింట్లోనూ ఏదో ఒక మేరకు కనిపిస్తుంది, మామూలు ఎక్స్‌రేలో కూడా దాని జాడ వెతకొచ్చు.

పళ్లలో వేసిన లోహపు ఫిల్లింగులది మరో ఇబ్బంది. వాటి చారలు నాలుక మీదుగా పోతాయి. నాలుక గడ్డ కోసమే స్కాన్ తీస్తుంటే, ఆ చోటే కనిపించదు. తల కోణం మార్చి, లేదా నోరు తెరిపించి ఇంకో విడత తీస్తే చారలు వేరే చోట పడి గడ్డ బయటపడుతుంది.

ఏం చేసినా కొంత చోటు మిగిలిపోయే రోజులుంటాయి. అప్పుడు రిపోర్టులో రాసే మాట ముఖ్యం. నల్లపట్టీ కింద ఉన్న మూత్రాశయం గురించి అలవాటుగా ‘మూత్రాశయం నార్మల్’ అని రాస్తే, మూత్రంలో రక్తం పడుతోందని ఆ రోగిని పంపిన డాక్టరు ఆ మాటని నమ్మి వేరేచోట వెతకడం మొదలుపెడతారు. ‘తుంటి లోహం చారల వల్ల మూత్రాశయం కింది భాగం కనబడలేదు, అల్ట్రాసౌండ్ గానీ సిస్టోస్కోపీ గానీ అవసరం’ అని రాస్తే, ఎక్కడ చూడలేదో ఆ డాక్టరుకి తెలుస్తుంది.